అన్నం తింటిరా? – కెమెరా ముందు మనం పోగొట్టుకుంటున్న పలకరింపు

మా అక్క మనవరాలు ఎలహంకలో ఉంటుంది. ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం చేస్తూనే శని, ఆదివారాల్లో మన తట్టు వంటలు వీడియో తీసి పెడుతుంది. ఉగ్గాని, ఓళిగలు, అలసంద వడలు, సంగటి, ఇట్లాంటివి. పోయిన సంక్రాంతికి వాళ్ళింటికి పోయినప్పుడు నేను తలుపు దగ్గర చెప్పులు విడుస్తుండగానే లోపలి నుంచి కేకేసింది: "రాండి తాతా, అన్నం తింటిరా?" నాకు ప్రాణం లేచొచ్చింది. హిందూపురంలో మా అమ్మ గడపలో నిలబడి అడిగినట్టే ఉంది.

పది నిమిషాల తర్వాత అదే పిల్ల స్టాండు మీద ఫోను పెట్టి, లైటు సరిచేసుకొని, గొంతు కొంచెం పైకెత్తి ఇట్లా మొదలుపెట్టింది: "హాయ్ అండీ, అందరూ ఎలా ఉన్నారు? బాగున్నారా? నేను కూడా చాలా బాగున్నానండీ. వెల్‌కమ్ బ్యాక్ టు మన ఛానల్. నేను మీ..." అని పేరు చెప్పి, ఈ రోజు ఏం చేస్తుందో, నిన్న ఎందుకు చేయలేకపోయిందో చెప్పి, సబ్‌స్క్రైబ్ చేసుకోమని అడిగి, అప్పుడు పిండి గిన్నె చేతిలోకి తీసుకుంది. నేను గోడ గడియారం చూస్తా ఉన్నాను. 40 సెకన్లు.

నన్ను పలకరించింది ఒక మాటతో, నాలాంటి తాతలు వేలమందిని పలకరించింది ఐదారు వాక్యాలతో. కానీ ఆ ఒక్క మాటలో ఉన్నది ఆ ఐదారు వాక్యాల్లో లేదు. ఎందుకు లేదు? పిల్లకు ప్రేమ లేకనా? కాదు. ఆ వాక్యాల కట్టుబడిలోనే ఏదో తేడా ఉంది. నేను భాషాశాస్త్రం చదివినవాణ్ణి కాదు, బి.కాం. చదివి 30 ఏళ్ళకు పైగా బ్యాంకులో పనిచేసినవాణ్ణి. కానీ కౌంటరు అవతల ముఖం తెలియని మనిషికి జాబు రాయడం మాత్రం నాకు బాగా తెలుసు. ఆ అనుభవంతోనే ఈ నాలుగు మాటలు.

మా ఉద్యోగం మొదటి రోజుల్లో ఖాతాదారులకు సర్క్యులర్లు సైక్లోస్టైల్ చేసి పంపేవాళ్ళం. పైన "డియర్ సర్ / మేడమ్" అని ఉండేది, వర్తించనిది కొట్టివేయాలి. నూటికి తొంభై సార్లు ఎవరూ కొట్టివేసేవాళ్ళు కాదు. అందుకున్న మనిషికి ఒక్క చూపులో తెలిసిపోతుంది, ఇది నాకోసం రాసింది కాదు, నా పేరు మీద పోస్టు చేసింది అని. "ప్రియమైన" అన్న మాట ఎంత తియ్యగా ఉన్నా, కొట్టివేయని ఆ గీత దాన్ని చంపేస్తుంది. వీడియో పలకరింపులో కూడా అట్లాంటి కొట్టివేయని గీతలు కొన్ని ఉంటాయి. మా పిల్ల వాక్యాల్లో నాకు కనిపించినవి చెప్తాను.

మొదటిది "అందరూ". వీడియో చూసే మనిషి దాదాపు ఎప్పుడూ ఒక్కడే. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో కాఫీ. సినిమా హాలు కాదు, సభ కాదు. మాట్లాడే మనిషి కన్ను కూడా సూటిగా లెన్సులోకి, అంటే ఒక్కరి కళ్ళలోకే చూస్తుంది. కన్ను ఒకరిని చూస్తూ నోరు "అందరూ" అంటే, చూసేవాడు తెలియకుండానే భుజం వెనక్కి తిరిగి ఇంకెవరున్నారా అని చూసుకోవాల్సిన పరిస్థితి. విచిత్రమేమంటే తెలుగులో ఈ ఇబ్బంది తప్పించుకోవడానికి సులువైన దారి ఉంది. మన "మీరు" రెండు పనులు చేస్తుంది. పదిమందికీ "మీరు", గౌరవించే ఒక్కరికీ "మీరు". "బాగున్నారా?" అని ఊరుకుంటే వెయ్యిమందిలో ప్రతి ఒక్కరూ అది తననొక్కణ్ణే అడిగారని అనుకోవచ్చు. మా తట్టు "బాగుండారా?" అన్నా, తెలంగాణలో "మంచిగున్నరా?" అన్నా ఇదే వెసులుబాటు. ఆ తలుపు తెరిచి ఉండగా, "అందరూ" అన్న ఒక్క మాటతో మనమే దాన్ని మూసేస్తున్నాం. "ఫ్రెండ్స్", "గాయ్స్" అన్నవీ అంతే. అవి బహువచనాలు, వాటిలో ఒక్కరికి చోటు లేదు.

రెండోది "నేను కూడా". ఈ "కూడా" చూడండి. అవతలి మనిషి "బాగున్నాను" అని జవాబు చెప్పినట్టు, అది తను విన్నట్టు నటిస్తుంది. చూసేవాడు ఆ పొద్దు జ్వరంతో పడుకొని ఉండొచ్చు. ఆస్పత్రి వరండాలో కూర్చొని ఉండొచ్చు. అడిగినట్టే అడిగి, జవాబు తనే చెప్పేసి, దానికి తనే సంతోషించడం జరిగిపోతుంది. అయితే ఇది కొత్తగా పుట్టిన దోషం కాదు, పాత మర్యాద చెడి వచ్చింది. మన పెద్దలు ఉత్తరాల్లో "ఉభయ కుశలోపరి" అనీ, "ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను" అనీ రాసేవాళ్ళు. కనిపించని మనిషిని పలకరించే చిక్కును వాళ్ళు ఎంత శుభ్రంగా తీర్చారో గమనించండి. ప్రశ్న అడగలేదు. జవాబు విన్నట్టు నటించలేదు. "తలుస్తాను" అన్నారు, అంటే నాకు తెలియదు, అట్లా ఉండాలని నా కోరిక అని. జాబుకూ జవాబుకూ మధ్య వారం రోజులు ఎడముందని ఒప్పుకున్న వాక్యం అది. వీడియోకూ అదే ఎడం ఉంది, కానీ లేనట్టు నటిస్తున్నాం. "బాగున్నారనుకుంటాను" అని మొదలుపెట్టే వాళ్ళు కూడా కొందరున్నారు. వాళ్ళకు తెలిసో తెలియకో తాతగారి కార్డు ముక్క చేతిలో ఉంది.

ఆ ఉత్తరం నుంచే ఇంకొకటి కూడా వచ్చింది. "నేను మీ ఫలానా" అనే పరిచయం. ఉత్తరం చివర "ఇట్లు, మీ విధేయుడు" అని రాసే "మీ" అది. కాగితంలో అది అడుగున ఉండేది, అంతా చెప్పుకున్నాక, నేను మీవాణ్ణే సుమా అని సంతకం దగ్గర చెప్పే మాట. టీవీ యాంకర్లతో అది పైకి ఎక్కింది. ఇంకా ఏమీ ఇవ్వకముందే "మీ" అనేస్తే అది అప్పు పుట్టకముందే రాయించుకున్న రసీదు. పది వీడియోలు చూసినవాడికి సరే. మొదటిసారి వచ్చినవాడికి ఆ "మీ" వట్టిది.

మూడోది, మన బెంగుళూరు వాళ్ళం ముఖ్యంగా ఆలోచించాల్సింది, "మన ఛానల్". తెలుగులో "మనం" వేరు, "మేము" వేరు. వినేవాణ్ణి కలుపుకుంటే "మనం", కలుపుకోకపోతే "మేము". అరవంలోనూ ఈ తేడా ఉంది. కన్నడంలో ఇప్పుడు లేదు. "నమ్మ" ఒక్కటే రెండింటికీ సరిపోతుంది. "నమ్మ మనె" అంటే మా ఇల్లు కావచ్చు, మన ఇల్లు కావచ్చు. బెంగుళూరులో మెట్రో రైలు పేరే "నమ్మ మెట్రో". ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లల నోట్లో ఈ రెండూ కలగాపులగం అవుతున్నాయి. మా మనవడొకడు "తాతా, మన స్కూల్లో మిస్ నన్ను తిట్టింది" అన్నాడు ఒకసారి. ఆ స్కూలుకూ నాకూ ఏం సంబంధంరా అని నవ్వుకున్నాను.

ఇప్పుడు "మన ఛానల్‌కు స్వాగతం" అన్న వాక్యాన్ని ఈ కంటితో చూడండి. "మన" అంటే చూసేవాడిది కూడా. తన ఇంటికి తననే స్వాగతించడం ఏమిటి? పోనీ "మా ఛానల్‌కు స్వాగతం" అంటే తప్పు లేదు గానీ అది అంగడి బోర్డు మాదిరి ఉంటుంది, గల్లాపెట్టె ముందు నిలబెట్టినట్టు. అంటే "స్వాగతం" అన్న మాట దగ్గరే చిక్కుంది. ఇంటికి వచ్చినవాళ్ళను మన తట్టు ఎవరైనా "స్వాగతం" అంటారా? పెళ్ళి పందిట్లో గుడ్డ మీద రాసి కడతారు. ఇంట్లో "రాండి" అంటారు. "రాండి" అంటే చాలు, మనదా మాదా అన్న లెక్క అవసరమే రాదు.

ఇంతకీ, కనిపించని మనిషిని దగ్గర చేసుకోవడం మన భాషలో ఎవరైనా సరిగ్గా చేశారా అంటే, చేశారు. మద్రాసు రేడియో రోజుల్లో న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు పిల్లల కార్యక్రమం నడిపేవాళ్ళు. ఆయన రేడియో అన్నయ్య, ఆమె రేడియో అక్కయ్య. తర్వాత హైదరాబాదుకు వచ్చాక కూడా ఆ పేర్లే నిలిచాయి. వాళ్ళ అసలు పేర్లు తెలియనివాళ్ళకు కూడా ఆ వరసలు తెలుసు. ఆ ఏర్పాటులో ఒక ఉపాయం ఉంది. వాళ్ళు వరసను వినేవాళ్ళ మీద పెట్టలేదు, తమ మీద పెట్టుకున్నారు. నేను అన్నయ్యను అంటే వినేది తమ్ముడైనా సరే, చెల్లెలైనా సరే, నెల్లూరైనా సరే, బళ్ళారైనా సరే. ప్రతి పిల్లకూ పిల్లవాడికీ ఆ వరసలో చోటుంది.

ఇప్పటి వీడియోల్లో చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. "అన్నా, నమస్తే అన్నా" అని చూసేవాడికి వరస కడతారు. వాడు మగవాడు, తనకంటే కాస్త పెద్దవాడు అని తేల్చేస్తారు. మా ఆవిడ చూస్తుంటే ఆమె అన్న అవుతుంది! చేల పని, బైకు రిపేరీ వీడియోలైతే మగవాళ్ళే చూస్తారులే అనుకొని అంటారేమో గానీ, మా పక్కింట్లో బైకు నడిపేదీ బాగు చేయించేదీ కోడలే. వరస చెప్పాలనుకుంటే తనకు తాను చెప్పుకోవడం క్షేమం. ఎదుటివాళ్ళకు అంటగట్టడం జూదం.

అయితే చూసేవాణ్ణే నేరుగా పిలిచి గెలిచినవాడు ఒకడున్నాడు, అతను తెలుగువాడు కాదు. కన్నడంలో "డాక్టర్ బ్రో" పేరుతో దేశాలు తిరిగి వీడియోలు తీసే గగన్ శ్రీనివాస్. బెంగుళూరులో ఏ ఆటో స్టాండులో అడిగినా అతని పలకరింపు చెప్తారు: "నమస్కార దేవ్రు". ఇది ఎందుకు పని చేసిందో తెలుగువాళ్ళు అర్థం చేసుకుంటే మనకు లాభం.

"దేవ్రు" అంటే దేవుడే. కానీ పాత మైసూరు వైపు, బెంగుళూరు వీధుల్లో స్నేహితుణ్ణి సరదాగా పిలిచే మాట కూడా అదే. "గురు" అన్నట్టు, "దేవ్రు". ఆ మాట చివర ఉన్న "రు" గౌరవం ఇస్తుంది, వాడుకలోని సరదా చనువు ఇస్తుంది. రెండూ ఒకే మాటలో. మగ, ఆడ తేడా ఆ మాట రూపంలో లేదు, ఇంటి దేవత అమ్మవారైనా కన్నడంలో "మనె దేవ్రు" అనే అంటారు. పైగా అది ఒక్కరిని పిలిచే మాట. "దేవ్రుగళె" అని బహువచనం చేయలేదు అతను. ఇంకో చిన్న సంగతి: కష్టం వచ్చినప్పుడు కన్నడం వాళ్ళు "అయ్యో దేవ్రే" అంటారు. ఆ "రే" మొర. అతను అనేది "దేవ్రు". అచ్చు ఒక్కటే తేడా, కానీ ఒకటి గుడిలోది, ఇంకొకటి టీ కొట్టు దగ్గరది.

దీన్ని తెలుగులోకి మాటకు మాట తెస్తే ఏమవుతుంది? "నమస్కారం దేవుడా". కొంపలు మునిగినట్టుంది కదా! తెలుగులో "దేవుడా" అంటే మొర ఒక్కటే. స్నేహితుణ్ణి పిలిచే "దేవుడు" మనకు లేడు. కానీ వెతికితే మన సీమలో ఆ చోటులో ఇంకో మాట ఉంది, "సామీ". "ఏం సామీ, బాగుండావా" అని సంతలో, బస్టాండులో ఎన్నిసార్లు వినలేదు? అదీ దేవుడి మాటే, అదీ చనువూ గౌరవమూ కలిసినదే. అయితే ఆడవాళ్ళను "సామీ" అనడం నేను వినలేదు. కాబట్టి "దేవ్రు" అంత వెడల్పు దానికి లేదు. ఒక భాషలో తాళానికి ఇంకో భాష చెవి అట్లే పట్టదు, మన గూట్లో మన చెవి వెతుక్కోవాలి.

ఇదంతా మా పిల్లకు చెప్పాను. వింటా ఉండి ఒకే మాట అడిగింది: "మరి మీకు అన్నం తింటిరా అన్నాను గదా తాతా, అదే కెమెరాకూ అంటే?" నేను చెప్పాలనుకున్నది అదే. సరే చూద్దామని ముందు లాభనష్టాలు లెక్కేశాం.

లాభం పక్క: "గుడ్ మార్నింగ్" అన్నామనుకోండి, వీడియో రాత్రి చూసేవాడికి అది తప్పు. రేడియోకు వేళ ఉండేది, ఏడు గంటల కార్యక్రమాన్ని అందరూ ఏడు గంటలకే వినేవాళ్ళు. వీడియోకు వేళ లేదు. "అన్నం తింటిరా?" అన్నదానికీ వేళ పెద్దగా లేదు. తిన్నానన్నా, ఇంకా లేదన్నా సంభాషణ నడుస్తుంది. పైగా వంట వీడియోకు అదే అసలు విషయం కూడా. "మీరు"కు సరిపోయే క్రియ కాబట్టి ఒక్కరైనా పదిమందైనా ఇముడుతారు.

నష్టం పక్క: "తింటిరా" మన వైపు మాట. జరిగిపోయిన పని. భోజనం అయిందా అని. కోస్తా చెవికి అది "తింటారా" లాగా వినిపించే ప్రమాదముంది, అంటే వడ్డించమంటారా అని. మళ్ళీ అచ్చు ఒక్కటే తేడా. గుంటూరావిడ "పెడితే తింటాం" అని కామెంటు పెట్టొచ్చు. దానికి పిల్ల భయపడింది. "అందుకే తాతా నేను అండీ అని మాట్లాడేది. మనది అందరికీ అర్థం కాదు, మొరటుగా ఉంటుందంటారు." ఈ మాట నన్ను కొంచెం కుంగదీసింది. ఇంట్లో నోరారా మాట్లాడే మాట, లెన్సు ముందుకొచ్చేసరికి సిగ్గు అయిపోయింది. ఆమె తెచ్చుకున్న "అండీ" గోదావరి వాళ్ళ నోట్లో ఎంత అందమో, ఈమె నోట్లో అంత అద్దె చొక్కా. భుజాల దగ్గర పట్టదు. చూసేవాళ్ళకు అది తెలుస్తుంది, ఏమిటో చెప్పలేకపోయినా.

చివరికి మూడు సార్లు తీసి చూశాం. మొదటిసారి "అన్నం తింటిరా?" అని నవ్వుతూ అంది, కానీ చూపు ఫోనులో తన బొమ్మ మీద ఉంది. ఎవరినో పక్కనున్నవాళ్ళను అడిగినట్టు వచ్చింది. లెన్సు పక్కన చిన్న బొట్టుబిళ్ళ అంటించాను, దాన్ని చూడమని. రెండోసారి చూపు కుదిరింది గానీ అడిగిన వెంటనే ఆగకుండా తర్వాతి వాక్యంలోకి పరుగెత్తింది. జవాబుకు చోటివ్వని ప్రశ్న ప్రశ్న కాదు. మూడోసారి లెన్సు వెనక నన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టింది. "రాండి. అన్నం తింటిరా?" అంది. నేను తల ఊపాను. ఆ తల ఊపే అంతసేపు ఆగింది. "తిననీలే, ఇదొకటి రుచి చూడండి" అని గిన్నె ఎత్తింది. మొత్తం 6 సెకన్లు. "అందరూ" లేదు, "కూడా" లేదు, "మీ" లేదు, స్వాగతం లేదు. సబ్‌స్క్రైబ్ మాట ఓళిగ పెనం మీద తిరగేసేటప్పుడు చెప్పింది.

ఫలితం చూడటానికి యూట్యూబ్ స్టూడియోలో ఒక గీత ఉంటుంది, మొదటి 30 సెకన్ల తర్వాత ఎంతమంది మిగిలారో చూపిస్తుంది. పాత వీడియోల్లో ఆ గీత మెట్లబావిలోకి దిగినట్టు దిగేది. ఈసారి వాలు తగ్గింది. కానీ లెక్కల మనిషిగా ఒకటి చెప్పాలి: మేము మాట మార్చాం, నిడివి కూడా 40 నుంచి 6 సెకన్లకు తగ్గించాం. రెండు ఖాతాలు ఒకేసారి కదిలినప్పుడు లాభం ఏ ఖాతాదో చెప్పలేం. పలకరింపు పొట్టిగా ఉండటమే కారణం కావచ్చు. గీత చెప్పేది ఎంతమంది ఉన్నారని, ఎందుకున్నారని కాదు.

కామెంట్లు మాత్రం మారాయి. ఇదివరకు "సూపర్", "నైస్ రెసిపీ" అని ఉండేవి. ఈసారి జవాబులొచ్చాయి. ఒకరు "ఇప్పుడే తింటిమి" అని రాశారు. ఇంకొకరు "ఇంకా లేదమ్మా, రెండు గంటలైంది" అని. హోసూరు నుంచి ఒకావిడ "మా అవ్వ ఇట్లే అడిగేది" అని. భయపడినట్టే ఒకరు "తినకుండా ఎలా ఉంటాం, పెట్టండి" అని కూడా రాశారు, ఎవరూ మొరటు అనలేదు. అడిగినదానికి జవాబు రావడం పలకరింపుకు అసలైన పరీక్ష. "హాయ్ అండీ, ఎలా ఉన్నారు" అన్నదానికి ఇన్ని నెలల్లో ఒక్కరూ "మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయమ్మా" అని రాయలేదు.

ఒక భయం మాత్రం నాకుంది. ఏ మాటైనా రోజూ అంటే ముద్ర అయిపోతుంది. "నమస్కార దేవ్రు" ఇప్పుడు అతని గుర్తు, ఇంకొకరు అంటే నకలు. "అన్నం తింటిరా" కూడా నలభై వీడియోల తర్వాత రబ్బరు స్టాంపు కావచ్చు. దానికి మందు మా పిల్లే కనిపెట్టింది. మొన్న వాన పడిన రోజు "రాండి, తడిస్తిరా?" అని మొదలుపెట్టిందంట. చూసే ఊళ్ళో వాన ఉందో లేదో ఆమెకు తెలియదు. కానీ మా అమ్మకూ తెలిసేది కాదు, మేము ఏ దారిన వచ్చామో. గడపలో నిలబడి నోటికొచ్చింది అడిగేది.